సీసా మీద ‘ఆపకాయ’

గుంటూరు నుంచి వచ్చిన పచ్చళ్ళ వ్యాపారి గారు మొదటి వీడియో చూసి తెగ సంబరపడ్డారు. పక్కన కూర్చున్న వాళ్ళావిడ మాత్రం ఫోన్ చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, వీడియోని మధ్యలో ఆపి, "బాబూ, ఇక్కడ ఆపకాయ అని ఉందేంటి?" అన్నారు.

నేనూ చూశాను. నిజంగానే ఆపకాయ.

పన్నెండు సెకన్ల ప్రకటన అది. ఫోన్‌లో నిలువుగా చూసేది. వేడి వేడి అన్నం, దాని మీంచి లేస్తున్న ఆవిరి, పక్కన ఆవకాయ సీసా, కెమెరా మెల్లగా దగ్గరికి వెళ్తుంది. ఆయన పంపిన సీసా ఫొటోనే మొదటి ఫ్రేముగా ఇచ్చి ఏఐ మోడల్‌తో వీడియో జనరేట్ చేయించాను. మొదటి సెకనులో అంతా సవ్యంగానే ఉంది. రెండో సెకను దాటేసరికి ‘వ’ మెల్లగా తలకట్టు వదిలేసుకుని ‘ప’ అయింది. నాలుగో సెకనుకి అది ప కూడా కాదు, ఏదో జిలేబీ. లేబుల్ మూలన ఉండే శాకాహారపు పచ్చ చుక్క గోధుమ రంగులోకి తిరిగింది. పచ్చళ్ళ వ్యాపారికి ఇంతకంటే టెన్షన్ పెట్టే విషయం ఇంకోటి ఉండదు. ఆవిడ అక్కడితో ఆగలేదు. "ఇది మా సీసా కూడా కాదు. మా సీసాకి భుజాలుంటాయి, ఇది జారిపోయినట్టుంది" అన్నారు. మళ్ళీ చూస్తే అదీ నిజమే.

అప్పటికి నాకు పౌరుషం ఎక్కువ. విజయవాడ గాంధీనగర్‌లో నా గదికి తిరిగొచ్చి అదే షాట్‌ని ఇరవై రెండు సార్లు తీయించాను. వివరణలో ‘అక్షరాలు మార్చొద్దు’ అని రాశాను. లేబుల్ మీది మాటల్ని కొటేషన్లలో పెట్టి ఇచ్చాను. ఒకసారి అక్షరాలు నిలిచాయి, మూత మీది గాట్లు పోయాయి. ఇంకోసారి మూత బాగుంది, ‘నికర బరువు’ అన్నచోట చీమల బారు. పద్నాలుగోది దాదాపు సరిపోయింది గానీ ఆవిరి సీసా లోపలి నుంచి వచ్చింది. ఆ రాత్రి నాకు తెలిసొచ్చిన సంగతే ఈ వ్యాసం. చదవాల్సిన అక్షరం, గుర్తుపట్టాల్సిన లోగో, అమ్మాల్సిన వస్తువు ఆకారం, ఈ మూడింటినీ మోడల్‌ని అడగకూడదు. వాటికి చోటు మాత్రం అడగాలి. వాటిని మనమే తర్వాత ఎడిటింగ్‌లో పెట్టుకోవాలి.

ఇంకో పదిసార్లు తిప్పితే వస్తుందిలే అనే స్నేహితులు నాకు చాలామంది ఉన్నారు. ఎందుకు రాదో ఒకసారి లెక్క వేసి చూద్దాం.

వీడియో మోడల్ మన ఫ్రేముని ఉన్నది ఉన్నట్టుగా పట్టుకుని పనిచేయదు. ముందు దాన్ని కుదించుకుంటుంది. వాన్ 2.1, హున్‌యువాన్ వీడియో లాంటి మోడళ్ళ నిర్మాణం బయటికి ఇచ్చారు కాబట్టి వాటి సంగతి తెలుసు. అడ్డంగా 8, నిలువుగా 8 పిక్సెళ్ళు కలిసి ఒక గడి అవుతాయి. కాలంలో కూడా, మొదటి ఫ్రేముని వదిలేస్తే, ప్రతి నాలుగు ఫ్రేములూ ఒకటవుతాయి. ఆ గడిలో ఉండేది ఒక రంగు కాదు, పదహారు అంకెల సారాంశం. ఇప్పుడు 720 బై 1280 నిలువు వీడియో తీసుకోండి. అది 90 బై 160 గడులు అవుతుంది. నా షాట్‌లో సీసా ఎత్తు ఫ్రేములో మూడో వంతు, అంటే 420 పిక్సెళ్ళు. ‘ఆవకాయ’ అన్న పెద్ద అక్షరం ఎత్తు 32 పిక్సెళ్ళ లోపే, అంటే నాలుగు గడులు. అక్షరం కింద ఒత్తుకో, పైన గీతకో దక్కేది ఒకే ఒక్క గడి. ‘నికర బరువు’ లాంటి చిన్న అక్షరాలు మొత్తంగా ఒక గడిలోనే ఇరుక్కుపోతాయి.

గడి చిన్నదవడం ఒక్కటే అయితే ఫర్వాలేదు. ఆ గడుల్ని నింపేటప్పుడు మోడల్ చూసుకునేది ‘ఇక్కడ ఏముంటే నమ్మేటట్టు ఉంటుంది’ అన్నదే. ‘ఇక్కడ ఏముంది’ అన్నది కాదు. అన్నం మెతుకుల విషయంలో ఈ రెండింటికీ తేడా లేదు. మెతుకు ఎటు వాలినా అది అన్నమే. అక్షరం విషయంలో ఈ రెండింటికీ మధ్య ఆవకాయకీ ఆపకాయకీ ఉన్నంత దూరం ఉంది.

మన లిపికి ఇక్కడ ఇంకో కష్టం ఉంది. తెలుగులో అర్థం మోసేది చాలాసార్లు అక్షరం ఒడ్డూ పొడుగూ కాదు, దాని మీది చిన్న గీత. వ, ప పక్కపక్కన పెట్టి చూడండి, తలకట్టు అతుక్కుందా విడిగా ఉందా అన్నదే తేడా. ద, ధ, థ ల మధ్య తేడా పొట్టలో చుక్క, కింద గీత. ప కింద ఓ గీత పెడితే ఫ, లోపల గీత పెడితే ష. కుదింపులో మొదట పోయేవి సరిగ్గా ఇవే. ఇంగ్లీషు లేబుల్‌లో ఒక అక్షరం కాస్త వంకరపోతే చదివేవాడు సర్దుకుంటాడు. మన దగ్గర వంకరపోతే ఇంకో అక్షరం అయి కూర్చుంటుంది.

సరే, అడగకూడదని తేలింది. మరి ఏం చేశాను? ఆ ప్రకటనలో ముఖ్యమైన షాట్లు రెండు. ఒకటి సీసా, రెండోది వాళ్ళ కారం పొడి అట్టపెట్టె. రెండింటికీ రెండు వేర్వేరు దారులు పట్టాల్సి వచ్చింది. సులువైనది పెట్టె కాబట్టి ముందు దాని గురించి చెప్తాను.

ఎండుమిరపకాయల కుప్ప ముందు నిలబెట్టిన పెట్టె, కెమెరా ఎడమ నుంచి కుడికి కొద్దిగా జరుగుతుంది. ఈసారి మోడల్‌ని అడిగింది ఏ రాతా లేని తెల్ల అట్టపెట్టె. అంచులు స్పష్టంగా కనిపించాలి, ముందువైపుకి ఏదీ అడ్డం రాకూడదు అని మాత్రమే రాశాను. మూడో ప్రయత్నానికి వచ్చేసింది. ఇక పెట్టె ముఖం చదునైన పలక కాబట్టి అది ఫ్రేములో ఎటు కదిలిందో ప్లేనార్ ట్రాకింగ్‌తో పట్టుకోవచ్చు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే మోచా ట్రాకర్‌లో ఆ ముఖం చుట్టూ గీత గీసి ట్రాక్ చేయమంటే, నాలుగు మూలలూ ప్రతి ఫ్రేములో ఎక్కడున్నాయో లెక్క వస్తుంది. ఆ నాలుగు మూలలకి అసలు లేబుల్ బొమ్మని అతికిస్తాం.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. తెల్ల పలక మధ్యలో గీత గీస్తే ట్రాకర్‌కి పట్టుకోడానికి ఏమీ ఉండదు, జారిపోతుంది. పెట్టె అంచులూ, మూలలూ, పై మడతా లోపలికి వచ్చేటట్టు కాస్త వెలుపలినుంచి గీయాలి. ఆపైన అసలు లేబుల్ పెట్టేముందు గళ్ళ బొమ్మ ఒకటి పెట్టి మొత్తం ఒకసారి ఆడించి చూడాలి. లేబుల్ రంగుల్లో కనబడని జారుడు గళ్ళలో వెంటనే కనబడుతుంది. నా పెట్టెలో కుడి అంచు మూడో సెకనులో రెండు పిక్సెళ్ళు లోపలికి ఊపిరి పీల్చుకున్నట్టు వెళ్ళి వచ్చింది. అది ట్రాకర్ తప్పు కాదు, మోడల్ గీసిన పెట్టే అలా కదిలింది. ఆ ముక్కలో ట్రాకింగ్ అంకెల్ని నేనే సాపు చేసి, పాత అంచు బయటికి కనబడకుండా లేబుల్‌ని కొద్దిగా వెడల్పు చేశాను.

లేబుల్ అతికించగానే అది స్టిక్కర్‌లా తేలుతూ కనబడింది. అందుకే తెల్ల పెట్టె అడిగింది. లేబుల్ పొరని Multiply అనే బ్లెండింగ్ మోడ్‌లో పెడితే, కింది తెల్ల అట్ట మీద పడిన నీడలూ వెలుగు తేడాలూ లేబుల్‌లోంచి కనబడతాయి. ఎర్ర లేబుల్ మీద తెల్ల అక్షరాలైనా ఇబ్బంది లేదు. తెలుపుని Multiply చేస్తే కింద ఉన్న అట్ట తెలుపే మిగులుతుంది, దాని నీడతో సహా. అట్ట మీద మెరుపు ఉంటే మాత్రం లేబుల్ కింద మసకబారుతుంది. ఆ వెలుగు భాగాన్ని విడిగా తీసి Screen లో లేబుల్ పైన ఇంకో పొరగా వేసుకోవాలి. చివరగా లేబుల్‌కి ముప్పావు పిక్సెల్ బ్లర్, కొంచెం గ్రెయిన్. ప్రెస్‌లో అచ్చయినంత పదునుగా ఉంటే చుట్టూ ఉన్న మెత్తటి వీడియోలో అది అబద్ధమని ఇట్టే తెలిసిపోతుంది.

సీసా దగ్గర ఈ పద్ధతి పారలేదు. ఖాళీ లేబుల్ ఉన్న సీసా అడిగాను, ఇచ్చింది. గుండ్రటి లేబుల్ కాబట్టి CC Cylinder ఎఫెక్ట్‌తో వంచి అతికించాను, అక్షరాలు బ్రహ్మాండంగా కుదిరాయి. కానీ సీసా ఆవిడ సీసా కాదు కదా. అసలు సీసా ఫొటోని సగం పారదర్శకంగా మొదటి ఫ్రేము మీద, మధ్య ఫ్రేము మీద, చివరి ఫ్రేము మీద పెట్టి చూస్తే మెడ దగ్గర ఒక్కోచోట ఒక్కోలా ఉంది. చివరికి వచ్చేసరికి భుజాలు పూర్తిగా జారాయి. వస్తువు ఆకారమే గుర్తు అయినప్పుడు దాని మీద అక్షరాలు ఎంత బాగా అతికించినా లాభం లేదు. అప్పుడు చేయాల్సింది వస్తువుని జనరేట్ చేయించడం మానేయడం.

అందుకని మోడల్‌ని సీసా లేని బల్ల అడిగాను. అరిటాకులో అన్నం, ఎడమవైపు కిటికీ వెలుతురు, కుడివైపు ఖాళీ. కెమెరా అసలు కదలకూడదు. అదే షాట్‌లో ఆవిరి వద్దన్నాను. ఆవిరిని నల్లటి నేపథ్యం మీద విడిగా తీయించాను, ఎందుకో చెప్తాను.

సీసా ఫొటో మాత్రం నిజంగా తీశాం, వాళ్ళ దుకాణం వెనక వరండాలో, ఫోన్‌తోనే. చూసుకోవాల్సినవి రెండే. వెలుతురు బల్ల షాట్‌లో ఎటునుంచి వస్తుందో సీసాకీ అటునుంచే రావాలి. ఎడమన తలుపు తెరిచి, కుడివైపు నీడ మరీ నల్లబడకుండా తెల్ల థర్మోకోల్ షీటు ఆనించాం. రెండోది కెమెరా ఎత్తు. బల్ల షాట్‌లో ఆకు అంచు ఎంత పల్చటి గుడ్డు ఆకారంలో కనబడుతుందో, సీసా మూత పై అంచు కూడా అంతే పల్చగా కనబడాలి. ఫోన్‌ని పైకీ కిందికీ జరుపుతూ రెండింటినీ పోల్చుకున్నాం. దగ్గరికి వెళ్ళి తీస్తే సీసా నడుము ఉబ్బుతుంది కాబట్టి రెండు గజాల వెనక్కి వచ్చి జూమ్ చేసి తీశాను.

కత్తిరించిన సీసాని బల్ల మీద పెట్టాక దాన్ని నిలబెట్టేది నీడలే. ఒకటి కాదు, రెండు కావాలి. సీసా అడుగు బల్లని తాకేచోట సన్నగా, బాగా నల్లగా ఒకటి. కుడివైపు వెడల్పుగా, మెత్తగా, పల్చగా రెండోది. మొదటిది లేకపోతే సీసా గాలిలో తేలుతుంది. రెండోది లేకపోతే ఆ గదిలో లేనట్టుంటుంది. తర్వాత విడిగా తీయించిన ఆవిరిని Screen లో అన్నిటికంటే పైన వేశాను. నలుపు మాయమై ఆవిరి మాత్రమే మిగిలింది, సీసా ముందు నుంచి ఒక పొర తేలుతూ పోయింది. ఆ ఒక్క ఆవిరి పోగు సీసాని బల్లకి కట్టేసింది. ఆవిరి బల్ల షాట్‌లోనే ఉండి ఉంటే సీసా ఎప్పుడూ దాని ముందే ఉండేది.

మరి కెమెరా దగ్గరికి వెళ్ళే కదలిక? అది ఎడిటింగ్‌లోనే చేశాను. బల్ల, సీసా, నీడలు, ఆవిరి అన్నీ కలిపి ఒకే ముక్కగా చేసి, ఐదు సెకన్లలో 100 నుంచి 108 శాతానికి పెంచాను. అన్నీ కలిసి పెరుగుతాయి కాబట్టి ట్రాకింగ్ అవసరమే లేదు, జారేదీ లేదు. నిజం కెమెరా అయితే ముందున్న సీసా వెనకున్న గోడ కంటే కాస్త ఎక్కువ పెరగాలి. ఎనిమిది శాతంలో ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు. ఇరవై శాతం చేసి చూశాను, ఫొటో మీద జూమ్ చేసినట్టు తేలిపోయింది.

ఒక పొరపాటు చెప్పకుండా వదిలేస్తే న్యాయం కాదు. జనరేట్ అయిన వీడియో 720, నాకు కావాల్సింది 1080 బై 1920. అన్నీ పెట్టేసి, అంతా అయ్యాక, చివర్లో ఏఐ అప్‌స్కేలర్‌లో వేశాను. అది కూడా మోడలే కదా, పాపం తన పని తాను చేసింది. నేను అంత కష్టపడి కాపాడిన అక్షరాల్ని మళ్ళీ గీసింది. ‘500 గ్రా.’ చూడ్డానికి 800 లా తయారైంది. నికర బరువు తప్పు చూపించే ప్రకటన బయటికి వెళ్తే తిట్లు తినేది ఆయన. కాబట్టి వరుస ఇదీ. ముందు ఖాళీ వీడియోని పెద్దది చేసుకోవాలి, తర్వాతే అక్షరాలూ సీసా పెట్టాలి. వాటిని పెట్టాక ఆ ఫైలు ఇంకే మోడల్ గుండా వెళ్ళకూడదు. ఫ్రేములు పెంచి కదలికని మెత్తబరిచే పరికరాలకీ ఇదే వర్తిస్తుంది.

లేబుల్ బొమ్మ ఎక్కడిది అనే ప్రశ్న చాలా చిన్నదిగా కనబడుతుంది గానీ మన ఊళ్ళలో సగం రోజు దానికే పోతుంది. లేబుల్ వేసిన ప్రెస్ వాళ్ళ దగ్గర కోరల్‌డ్రా ఫైలు ఉంటుంది. అందులో తెలుగు పాత అనూ ఫాంట్లలో ఉంటుంది, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. ‘అక్షరాల్ని కర్వ్స్ చేసి పీడీఎఫ్ పంపండి’ అని అడిగితే చాలు, అక్షరాలు గీతలుగా మారి వస్తాయి, ఇక చెదరవు. చివరి కార్డులో చిరునామా లాంటివి ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోనే యూనికోడ్‌లో టైపు చేసేవాళ్ళు, ఒత్తులు పక్కకి విడిపోయి కనబడితే ఫాంటుని తిట్టుకోకుండా, మీ వెర్షన్‌లో ఆ ఎంపిక ఉంటే, ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజిన్ ఏది ఎంచుకున్నారో చూడండి. లాటిన్ మీద ఉంటే మన గుణింతాలు దానికి అర్థం కావు, దక్షిణాసియా లిపుల ఇంజిన్‌కి మార్చుకోవాలి.

ఇంకో మాట, మిరపకాయల ఊరి వాళ్ళకి ప్రత్యేకంగా. నల్లటి నేపథ్యం మీద ఎర్రటి సన్నని అక్షరాలు వద్దు. ఫోన్లలో చూసే వీడియోల్లో దాదాపు అన్నింట్లో రంగుని వెలుగు కంటే అడ్డంగా సగం, నిలువుగా సగం వివరంతోనే దాస్తారు. ఎరుపుకి వెలుగు తక్కువ, రంగే ఎక్కువ, అందుకని అంచులు అలుక్కుపోతాయి. మీరు కష్టపడి సరిగ్గా పెట్టిన అక్షరాన్ని చివర్లో కుదింపు తినేస్తుంది. ఎరుపు కావాల్సిందే అంటే తెలుపు మీద పెట్టండి.

‘ఇదంతా ఎందుకన్నా, వచ్చే ఏడాదికి మోడళ్ళే తెలుగు రాసేస్తాయి’ అని నా దగ్గర పనిచేసే కుర్రాడు అంటుంటాడు. రాస్తే రాయనీ. అయినా నేను ఇలాగే చేస్తాను, ఎందుకో ఆ తర్వాతి నెలలోనే తెలిసింది. వ్యాపారి గారు ఫోన్ చేసి, "అండీ, ఆవకాయ అయిపోవచ్చింది, గోంగూరకి ఇలాంటిదే కావాలి, మాగాయకి కూడా" అన్నారు. సీసా ఒకటే, లేబుల్ వేరు, లోపలి రంగు వేరు. మళ్ళీ వరండాలో రెండు ఫొటోలు తీసుకొచ్చి, ఆవకాయ పొర తీసి అవి పెట్టాను. అదే బల్ల, అదే నీడలు, అదే ఆవిరి. రెండూ కలిపి ఒక పూట పని. మూడు ప్రకటనలు వరుసగా చూస్తే ఒకే ఇంట్లో తీసినట్టున్నాయి. మోడల్ అక్షరాల్ని తప్పుల్లేకుండా రాసినా, మళ్ళీ జనరేట్ చేయిస్తే అదే బల్ల, అదే వెలుతురు వస్తాయన్న నమ్మకం నాకు లేదు. తర్వాత పావుకిలో సీసా వచ్చినప్పుడూ, ధర మారినప్పుడూ ఇదే కథ. మారేవాటిని వేరే పొరలో ఉంచుకున్నవాడికి మార్చడం తేలిక, ఒకే ముద్దలో కలిపేసుకున్నవాడు మొదటికొస్తాడు.

ఈ పద్ధతికి అందనివి ఉన్నాయి. సీసా గుండ్రంగా తిరగాలంటే ఒక్క ఫొటో చాలదు. చదునుగా లేని, నలిగే ప్లాస్టిక్ ప్యాకెట్టు మీద నాలుగు మూలల లెక్క పారదు. ఇక వేళ్ళు లేబుల్ మీదుగా పోయాయంటే ప్రతి ఫ్రేములో వేళ్ళ అంచు గీసుకోవాలి, జనరేట్ అయిన వేళ్ళు ఫ్రేముకో రకంగా ఉంటే అది చేతకాని పని. ఆయనకి మాత్రం చెయ్యి వచ్చి మూత తిప్పి తీసే షాట్ కావాలి, మూత తియ్యగానే నూనె పైకి తేలి కనబడాలి. రెండు రకాలుగా ప్రయత్నించి, లెంపలేసుకుని, మళ్ళీ గుంటూరు బస్సెక్కాను. అదే వరండా, అదే థర్మోకోల్, నిజం సీసా. మూత ఎవరు తీస్తారని ఆయన అటూ ఇటూ చూస్తుంటే ఆవిడే ముందుకొచ్చి, "లేబుల్ కెమెరా వైపే ఉందా బాబూ?" అని అడిగి మరీ తిప్పారు.